గజ్జె 2027: డేట్ ప్రకటన టీజర్ స్క్రిప్ట్

నిడివి: 75 సెకన్లు. ఫ్రేమ్: నిలువు, ఫోన్ కోసం.
షూటింగ్: మన క్యాంపస్, విజయనగరం ఊళ్లో కొన్ని షాట్లు.
విడుదల: 2027 జనవరి 29, శుక్రవారం సాయంత్రం 7 గంటలకు.

కెమెరా, ఎడిటింగ్ టీమ్‌లకు ముందుగా ఒక మాట. ఈసారి ఫెస్ట్ తప్పెటగుళ్ళతో మొదలవుతుంది. ఇంతకు ముందులా ఎవరూ రాని మధ్యాహ్నం పూట ఒక మూల కాదు, మెయిన్ స్టేజీ మీద, లైట్లన్నీ వేసి, జనం నిండాక. అందుకే టీజర్‌కి కూడా తప్పెటే గుండెకాయ. ఇందులో సినిమా పాట ఒక్క ముక్క కూడా వాడం. వాడితే కాపీరైట్ కింద రీల్ మ్యూట్ అయ్యే ప్రమాదం ఎలాగూ ఉంది. అసలు కారణం అది కాదు, మనకు ఆ అవసరం లేదు. తప్పెట, గజ్జెలు, బెంచీ మీద దరువు, బస్సు హారన్, క్యాంటీన్ పళ్లేలు: మ్యూజిక్ మొత్తం వీటితోనే.

వేగం నిమిషానికి 120 దెబ్బలు, అంటే సెకనుకి రెండు. ప్రతి కట్ దెబ్బ మీదే పడాలి. మొదట్లో నాలుగు దెబ్బలకో షాట్, తర్వాత రెండింటికి, తర్వాత ఒక్కో దెబ్బకి. వేగం పెరిగిందని చూసేవాళ్లకి తెలియకూడదు, కాళ్లకి తెలియాలి.

0:00 – 0:08

నల్ల తెర. గజ్జెల మోత ఒక్కసారి.

క్లోజప్: ముదురు చేతులు కాలికి గజ్జెల పట్టీ చుట్టి, తాడు బిగించి ముడి వేస్తాయి. ముఖం కనిపించదు.
కట్. స్పోర్ట్స్ షూకి లేసు బిగిస్తున్న చేతులు.
కట్. గిటార్ తీగ బిగిస్తున్న వేళ్లు.
కట్. స్టేజీ ఇనుప ఫ్రేముకి బోల్టు బిగిస్తున్న స్పానర్. వెనకాల మెకానికల్ కుర్రాళ్లు.

మాటల్లేవు. బిగించే చప్పుళ్లు మాత్రమే, ఒక్కోటి ఒక్కో దెబ్బకి.

0:08 – 0:22

సందడి మొదలు. బెంచీ మీద వేళ్ల దరువు లోపలికొస్తుంది.

కాలేజీ బస్సు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ డ్రైవర్.
డ్రైవర్: "ఏటమ్మా, ఈయేడు పెద్దగా చేస్తున్నారంట కదా. డేటేటి?"

కట్. క్యాంటీన్. గరిటె పట్టుకున్న పిన్ని.
పిన్ని: "ఒరే బాబూ, నాకు పప్పెంత నానబెట్టుకోవాలో తెలియాలి కదరా! డేటేటి?"

కట్. క్లాస్ రూమ్. మేడమ్ బోర్డు దగ్గర నుంచి తిరుగుతారు.
మేడమ్: "మిడ్ ఎగ్జామ్ డేట్ రాసుకోండి."
క్లాసంతా ఒక్క గొంతుతో: "ఫెస్ట్ డేట్ మేడమ్?"

కట్. హాస్టల్ మెట్లు. ఫస్టియర్ అమ్మాయి చెవి దగ్గర ఫోన్.
అమ్మాయి: "శనివారం రానే అమ్మా... ఏ శనివారమా? అదింకా చెప్పలేదు!"

కట్, కట్, కట్. ఒక్కో దెబ్బకి ఒక్కో ముఖం: వాచ్‌మన్, లైబ్రరీ సర్, జెరాక్స్ షాపు కుర్రాడు, క్రికెట్ ప్యాడ్లు కట్టుకున్న సీనియర్.
"డేటేటి?" "డేటేటి?" "డేటేటి?" "డేటేటి!"

(డ్రైవర్, పిన్ని మనవాళ్లే, వాళ్ల యాసలోనే మాట్లాడనివ్వండి. పక్కన నిలబడి సరిచేయొద్దు. ఒక్క టేక్‌లో సరిగా రాకపోతే కబుర్లు చెబుతూ ఇంకోటి తీయండి. కెమెరా ఆన్‌లో ఉందని మర్చిపోయాక వచ్చిందే మంచి టేక్.)

0:22 – 0:34

దరువు ఆగదు, కిందికి దిగుతుంది. ఫైనల్ ఇయర్ అమ్మాయి గొంతు. అరవకూడదు. పక్కన కూర్చున్న మనిషికి గట్టిగా చెప్పినట్టు ఉండాలి.

గొంతు: "1919లోనే సంగీతానికి కాలేజీ పెట్టిన ఊరు ఇది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల గారు పాట నేర్చుకున్నది ఇక్కడే."

దృశ్యాలు: తెల్లవారుజామున గంటస్తంభం. కోట గోడ. సంగీత కళాశాల బయటి నుంచి, గేటు దగ్గర వయొలిన్ పెట్టెతో నడిచి వెళ్తున్న మన విద్యార్థి. లోపల తీయాలంటే ముందు అనుమతి అడగాలి. దొరక్కపోతే గేటు షాట్ చాలు.

గొంతు (ఒక్క క్షణం ఆగి): "ఈ ఊళ్లో చదువుకుంటూ, స్టేజీ ఎక్కడానికి మనం భయపడతామా?"

చివరి మాట మీదే మొదటి తప్పెట దెబ్బ. ఇంతవరకూ టీజర్‌లో తప్పెట వినిపించకూడదు. దాచుకోండి.

0:34 – 0:50

ఇక ఊపిరి తీసుకోనివ్వొద్దు. పదహారు సెకన్లు, సుమారు ముప్పై షాట్లు.

తప్పెటగుళ్ళ బృందం గుండ్రంగా కదులుతూ, గుండెల మీద తప్పెట, రెండు చేతులా దెబ్బ. కెమెరా నేల మీద పెట్టి తీయాలి, గజ్జెల కాళ్లు లెన్సు పక్కనుంచి దుమ్ము లేపుతూ వెళ్లాలి. మొత్తం టీజర్‌లో నేను పట్టుబట్టేది ఈ షాట్ కోసమే. ఒక పూట అంతా దీనికే కేటాయించండి.

ఆ కాళ్ల నుంచి కట్: కూచిపూడి పాదం. కట్: బ్రేక్ డాన్స్‌లో నేల మీద తిరుగుతున్న చెయ్యి. కట్: ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి థింసా వేస్తున్న అమ్మాయిల వరస. అందరి అడుగూ ఒకే దెబ్బ మీద పడాలి. అది ఎడిటింగ్‌లో సాగదీసి కలిపేది కాదు, అందరికీ ఒకే ట్రాక్ వినిపించి తీయాలి.

తర్వాత పని చేసేవాళ్లు: సివిల్ వాళ్లు టేపుతో స్టేజీ కొలవడం. వర్క్‌షాప్‌లో వెల్డింగ్ రవ్వలు. ఈసీఈ ల్యాబ్‌లో లైట్ల వైరుకి టంకం. అర్ధరాత్రి కంప్యూటర్ ముందు పోస్టర్ చేస్తున్న ఎర్రటి కళ్లు. ముగ్గు గిన్నె. ఫ్లెక్సీ కడుతున్న తాడు. స్కిట్‌లో పెట్టుడు మీసం ఊడిపోతే పగలబడి నవ్వుతున్న అందరూ. డ్రమ్ కర్ర గాల్లో. బీట్ బాక్స్ కుర్రాడి పెదవులు. తప్పెట. డ్రమ్. తప్పెట. డ్రమ్. తప్పెట.

స్క్రీన్ మీద అక్షరాలు, ఒక్కో మాట ఒక్కో దెబ్బకి:
ఆట
పాట
అడుగు
అరుపు
అందరూ

0:50 – 1:00: కౌంట్‌డౌన్

సెకనుకో అంకె. గ్రాఫిక్స్‌తో అంకెలు వేయొద్దు. పదీ క్యాంపస్‌లోనే దొరుకుతాయి. లెక్కపెట్టేది ఒక్క గొంతు కాదు: పది అని ఒకరు అంటారు, ఒక్కో అంకెకి గొంతులు పెరుగుతూ, ఒకటి దగ్గరకొచ్చేసరికి గ్రౌండ్ మొత్తం.

10: బస్సు అద్దం మీద రూట్ నంబర్.
9: మొదటి పీరియడ్ గంట, గోడ గడియారంలో తొమ్మిది.
8: ఎనిమిదో సెమిస్టర్ హాల్‌టికెట్, పట్టుకున్న వేళ్లు కొద్దిగా వణుకుతాయి.
7: హార్మోనియం మీద సరిగమపదని, ఏడు మెట్లూ ఒక్క ఊపులో.
6: అంపైర్ రెండు చేతులూ పైకి.
5: గోరింటాకు పండిన ఐదు వేళ్లు లెన్సు మీద చరచడం.
4: బల్ల మీద ఒకేసారి పడ్డ నాలుగు టీ గ్లాసులు.
3: "మైక్ టెస్టింగ్, వన్, టూ..." అందరూ: "త్రీ!"
2: గజ్జెలు కట్టిన రెండు పాదాలు, గాల్లో.
1: తప్పెట మీదికి లేచిన ఒక్క చెయ్యి.

చెయ్యి దిగేలోపు కట్.

1:00 – 1:02

నల్ల తెర. చప్పుడు లేదు.

బృందం పెద్దాయన గొంతు, తీరిగ్గా: "కొట్టమంటారేటి బాబూ?"
వందల గొంతులు: "కొట్టు తాతా!"

1:02 – 1:06: డేట్

రాత్రి. ఓపెన్ ఎయిర్ స్టేజీ. ఆరుగురు కళాకారులు వరసగా, మనకి వీపు చూపిస్తూ. ఒక్కో దెబ్బకి ఒక్కరు గిర్రున ఇటు తిరుగుతారు. గుండెల మీది తప్పెటకి కట్టిన తెల్ల కాగితం మీద ఒక్కో అక్షరం:

ఫి!
బ్ర!
వ!
రి!
(ఒక దెబ్బ ఖాళీ)
19!
20!

ఇరవై తిరిగిన క్షణంలోనే స్టేజీ లైట్లన్నీ వెలుగుతాయి. వెనక వందలాది మంది విద్యార్థులు ఒకేసారి గెంతుతూ.

చిత్రీకరణ జాగ్రత్తలు: తప్పెట మీద రంగు గానీ గమ్ గానీ తగలకూడదు. అది వాళ్లు ఏళ్ల తరబడి కాపాడుకుంటున్న వాయిద్యం. కాగితాన్ని చుట్టూ దారంతో కట్టండి. కాగితం కడితే మోత మూగబోతుంది కాబట్టి, శబ్దాన్ని ముందే కాగితం లేకుండా విడిగా రికార్డ్ చేసి పెట్టుకోండి. అక్షరాలు లావుగా, నల్లగా ఉండాలి. చివరి బెంచీలోంచి చదవగలగాలి.

1:06 – 1:11: కార్డు

గజ్జె 2027
ఫిబ్రవరి 19, 20
శుక్రవారం, శనివారం
సాయంత్రం 4 నుంచి, ఓపెన్ ఎయిర్ స్టేజీ

ఐదు సెకన్లు కదలకుండా నిలబడాలి. ఈ ఫ్రేమ్‌లో స్పాన్సర్ల లోగోలు వద్దు, మెరుపులు వద్దు. చాలామంది బస్సులో సౌండ్ లేకుండా చూస్తారు, వాళ్లకీ డేట్ తెలియాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకునే ఫ్రేమ్ ఇదే.

1:11 – 1:15

ఫైనల్ ఇయర్ అమ్మాయి గొంతు: "తప్పెటగుళ్ళతో మొదలు. రాక్ బ్యాండ్‌తో ముగింపు. స్టేజీ ఒక్కటే!"

ఆఖరి షాట్: క్యాంటీన్ పిన్ని గోడ క్యాలెండర్‌లో 19, 20 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, వెనక్కి తిరిగి వంటింట్లోకి కేక వేస్తుంది.
పిన్ని: "పప్పు రెండింతలు పొయ్యండర్రా!"

తప్పెట దెబ్బతో కట్.

ఆర్గనైజర్లకు

బృందానికి షూటింగ్ రోజుకు కూడా పారితోషికం ఇవ్వాలి, ఫెస్ట్ రోజు ఇచ్చేది వేరే. ఊరి నుంచి రావడానికీ వెళ్లడానికీ బండి మనదే, భోజనం మనతోనే. పోస్టర్లలో వాళ్ల పేరు బ్యాండ్ పేరుతో సమానమైన సైజులో ఉండాలి, ‘మరియు జానపద కార్యక్రమాలు’ అని ఒక లైన్‌లో కలిపేయకూడదు.

స్టేటస్‌ల కోసం పదిహేను సెకన్ల వెర్షన్ కూడా కావాలి: పిన్ని "డేటేటి?", అయిదు నుంచి కౌంట్‌డౌన్, ఆరుగురి మలుపు, కార్డు. అందులో కార్డు నాలుగు సెకన్ల కంటే తగ్గకూడదు. రెండు వెర్షన్లూ జనవరి 27 రాత్రికల్లా ఎడిటర్ దగ్గర నుంచి రావాలి. 28న డ్రైవర్ గారికీ, పిన్నికీ, తప్పెటగుళ్ళ బృందానికీ చూపించి, వాళ్లు సరేనన్నాకే అప్‌లోడ్.