గౌతమికి తాతయ్య ఆశీస్సులు

బావగారికి, చెల్లెమ్మకి, అల్లుడుగారికి, ఎండనపడి వచ్చిన బంధువులందరికీ నమస్కారం. ఎక్కువసేపు మాట్లాడను. పసిపిల్ల పాలకి లేచే వేళయింది.

ఇందాక పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమని పంతులుగారు చెప్పినప్పుడు మీలో ఎంతమంది చూశారో గానీ, నేను అల్లుడుగారి చేతినే చూస్తున్నాను. 'గౌ' రాశారు, 'త' రాశారు. 'మి' దగ్గరకొచ్చేసరికి బియ్యం జారి అక్షరాలు పూడిపోయాయి. ఆయన కంగారు పడలేదు. గింజలన్నీ అరచేత్తో సర్ది, మళ్ళీ మొదటి నుంచి నిదానంగా రాశారు. నా మనసు నిండిపోయింది బాబూ.

ఆ బియ్యం మన చేలో పండినవే. దాళ్వా పంట. ధవళేశ్వరం నుంచి కాలవలో వచ్చిన గోదావరి నీళ్ళు తాగి పండాయి. అక్కడ దాటాక గోదావరి పాయలుగా చీలితే, మన కోటిపల్లి రేవు ముందు నుంచి పోయేది గౌతమి. ఈ పేరు నా ఆలోచన కాదు. మంథని నుంచి చెల్లెమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మీ గోదారి పేరు పెట్టుకుందామా?" అని అడిగారు. మా గోదారి అని ఎలా అననమ్మా? మీ మంథని పక్కగా పారి, కాళేశ్వరం దాటుకునే కదా మా దాకా వచ్చేది! ఆ రాత్రి మీ మాట మా ఆవిడకి చెబుతుంటే నాకు గొంతు పెగల్లేదు.

పొద్దున అమ్మాయి పెరట్లో బావికి పసుపు కుంకుమ పెట్టి చేద వేసింది. ఆ బావిగట్టు మీదే మా అమ్మ కాళ్ళు చాపుకుని, దాన్ని పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసేది. ఎంత గుక్కపెట్టి ఏడుస్తున్నా గిలక చప్పుడు వినబడితే చాలు, ఊరుకునేది. ఇవాళ అదే గిలక మోగితే, వరండాలో నా ఒళ్ళో ఉన్న నువ్వు కళ్ళు విప్పి చూశావు తల్లీ. అది మా అమ్మ చూసి ఉంటే ఎంత బాగుండేది!

గౌతమీ, మేం ఉయ్యాల అంటాం, మీ నాన్నమ్మ తొట్టెల అంటుంది. రెండు మాటలూ నీవే. చదువుకని, ఉద్యోగమని ఏ ఊరు వెళ్ళినా నీ పేరు నోరారా చెప్పుకో. ఆకలన్నవాళ్ళకి ఇంత అన్నం పెట్టే చెయ్యి నీకుండాలి. రాసింది చెరిగిపోతే మీ నాన్నలాగా సర్దుకుని మళ్ళీ రాసుకునే ఓపిక ఉండాలి. ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నా తల్లీ. శతమానం భవతి.

చెల్లెమ్మా, పేరు పెట్టింది మీరు. రండి, ముందు మీ చేత్తో అక్షింతలు వేయండి. మీ తర్వాతే మేమంతా వేస్తాం.