రసీదులు వేరే పార్టీల బిల్లులకు సర్దుబాటు అవుతున్నాయి: టికెట్ 48213ను మళ్లీ తెరవండి

విజయవాడ
జూన్ 23, 2025

సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మేం జూన్ 10న పెట్టిన టికెట్ 48213ను మీవాళ్లు 16న "యూజర్ ఎంట్రీ పొరపాటు" అని రాసి మూసేశారు. అది మావాళ్ల పొరపాటు కాదు. వారం రోజులు కూర్చుని పాత రసీదులన్నీ తిరగేస్తే తప్పు ఎక్కడుందో మాకే తెలిసింది. అది మీకు చూపించి, టికెట్ మళ్లీ తెరిపించడానికే ఈ ఉత్తరం.

ముందు విషయం ఎలా బయటపడిందో చెబుతాను. జూన్ 9 సోమవారం పొద్దున్నే తెనాలిలోని ఒక మెడికల్ షాపు ఇన్సులిన్‌కు ఆర్డర్ పెట్టింది. మార్చి 24 నాటి బిల్లు 75 రోజులు దాటినా బాకీ ఉందంటూ సాఫ్ట్‌వేర్ ఆర్డర్ తీసుకోలేదు. మా సేల్స్‌మన్ వెళ్లి డబ్బు అడిగితే, ఆ షాపాయన ఫోన్ తీసి మే 16న పంపిన ₹18,642 నెఫ్ట్ మెసేజ్‌ని యూటీఆర్ నంబరుతో సహా చూపించారు. "ఇరవై ఏళ్ల నుంచి మీ దగ్గరే కొంటున్నా. కట్టిన బిల్లు మళ్లీ కట్టమన్నది మాత్రం ఇప్పుడే" అన్నారట. డబ్బు ఆ రోజే మా బ్యాంకులో పడింది. సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని గుడివాడలోని వేరే షాపు బిల్లుకు సర్దేసింది. మా స్క్రీన్ మీద కనిపించినదే కింద ఇస్తున్నాను. మూడో లైను మాత్రం నేను చేర్చింది.

```
Narration : BILL 22418
Matched   : VJ/25-26/02418
Should be : VJ/24-25/22418
```

చివరి నాలుగు అంకెలు చూడండి. రెండింటిలోనూ 2418. మే 11 ఆదివారం మీరు వేసిన అప్‌డేట్ తర్వాత, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇంపోర్ట్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ బిల్లు నంబరులో ఆ నాలుగు అంకెలే చూస్తోంది. అవి రెండు బిల్లుల్లో కలిస్తే కొత్త బిల్లును పట్టుకుంటోంది. ఆర్థిక సంవత్సరం చూడదు, పార్టీ పేరు చూడదు, మొత్తం కూడా చూడదు. గుడివాడ షాపు బిల్లు ₹23,110. వాళ్లు ఇంకా పైసా కట్టలేదు. మా స్క్రీన్ మీద మాత్రం వాళ్ల బాకీ ₹4,468 అని కనిపిస్తోంది. అంటే కట్టినాయన్ని నిలదీశాం, కట్టని వాళ్లని అడగడం మానేశాం.

మరి నెల రోజులు ఎవరికీ ఎందుకు కనిపించలేదని మీరు అడగొచ్చు. బ్యాంక్ రీకన్సిలియేషన్ సరిపోయింది. పార్టీ లెడ్జర్ కూడా సరిగ్గానే ఉంది, ఎందుకంటే డబ్బు తెనాలి షాపు ఖాతాలోనే జమైంది. బిల్ వైజ్ సర్దుబాటు ఒక్కటే దారి తప్పింది. డెబ్టార్స్ మొత్తం పైసాతో సహా కలుస్తుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? చివరికి ఒక్కో పార్టీకి లెడ్జర్ నిల్వను బిల్ వైజ్ అవుట్‌స్టాండింగ్ పక్కన పెట్టి చూస్తేనే తేడాలు దొరికాయి. మే 11 నుంచి జూన్ 9 వరకు ఇంపోర్ట్ అయిన 1,127 రసీదుల్లో 63 తప్పు బిల్లులకు వెళ్లాయి. మొత్తం ₹9,41,380. అరవై మూడింటిలోనూ చివరి నాలుగు అంకెలు కలిశాయి. అదే నెలలో మావాళ్లు చేత్తో ఎక్కించిన రసీదుల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. యూజర్ పొరపాటైతే ఇలా ఎందుకుంటుందో మీరే చెప్పండి.

టెస్ట్ కంపెనీలో కూడా చూశాం. పాత బిల్లుకు జోడీ అంకెలున్న కొత్త బిల్లు లేకపోతే రసీదు సరైన చోటుకే వెళ్తోంది. జోడీ బిల్లు ఒకటి సృష్టించగానే దానికి పోతోంది. ఎన్నిసార్లు చేసినా ఇదే. ఆ డేటా బ్యాకప్ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను.

మీవాళ్లు ఫోన్లో చెప్పిన ఉపాయం "ఆ రసీదులు డిలీట్ చేసి మళ్లీ ఎక్కించండి" అని. అది మేం చేయలేం. మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎడిట్ లాగ్‌లో నమోదు కావాలి, ఆ లాగ్ ఆపడానికి వీల్లేదు. ఈ సంగతి మాకంటే మీకే బాగా తెలియాలి. బ్యాంకుతో కలిపేసిన 63 రసీదులు డిలీట్ చేసి తిరిగి పెడితే అదంతా లాగ్‌లో మా పేరు మీదే ఉంటుంది. పైగా 2024-25 ఆడిట్ ఇప్పుడే నడుస్తోంది. మార్చి 31 నాటి బాకీలు తర్వాత వసూలయ్యాయా లేదా అని ఆడిటర్లు చూస్తున్నారు. తారుమారైన వాటిలో ఎక్కువ భాగం మార్చి బిల్లులే. వసూలైన బాకీలను రానివిగా వాళ్లకెలా చూపించమంటారు?

అంతకంటే దగ్గర్లో ఉన్న టెన్షన్ బ్యాంకుది. జూన్ 30 నాటికి మార్చి బిల్లులన్నీ 90 రోజులు దాటేస్తాయి. 90 దాటిన డెబ్టార్స్‌ను మా బ్యాంకు డ్రాయింగ్ పవర్‌లో లెక్కలోకి తీసుకోదు. ఆ స్టేట్‌మెంట్ జూలై 10లోగా ఇవ్వాలి. సేల్స్‌మన్‌ల ఇన్సెంటివ్ గొడవ కూడా ఉంది కానీ, అది మేం ఇక్కడే సర్దుకుంటాం.

కాబట్టి అడిగేది ఇది. అసలు రసీదు, తేదీ, బ్యాంక్ కలిపిన గుర్తు ఏదీ కదలకుండా, బిల్ వైజ్ సర్దుబాటు మాత్రమే మార్చే సాధనం మాకు జూలై 2లోగా కావాలి. 63 రసీదుల జాబితా, ఏది ఏ బిల్లుకు వెళ్లాలో ఎదురుగా రాసి, జతచేశాను. మార్చే పని మీవాళ్లు చేసినా సరే, మావాళ్లు పక్కన ఉన్నప్పుడే చేయాలి. ఈ తప్పు మే 11 అప్‌డేట్‌లోనిదని మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకంతో పంపండి. దాన్ని ఆడిటర్లకు ఇస్తాం. ఇంపోర్ట్‌ను సరిచేసేటప్పుడు పార్టీ కోడ్, పూర్తి బిల్లు నంబరు రెండూ కలిస్తేనే సర్దాలి. లేకపోతే ఆ రసీదును పక్కన పెట్టి మమ్మల్ని అడగాలి. ఏదో ఒక బిల్లుకు అంటగట్టడం కంటే అదే నయం.

పోయిన ఏడాది పాత వెర్షన్‌లో బిల్లులు 10,000 దాటినప్పుడు ఈ ఇబ్బంది రాలేదు. ఈ ఏడాది మాకు నెలకు 1,900 బిల్లుల దాకా అవుతున్నాయి, దసరా లోపే 10,000 దాటుతాం. అప్పుడు 02418, 12418 రెండూ ఒకే సంవత్సరంలో ఉంటాయి. పాత సంవత్సరం బిల్లుల్ని పక్కకు తప్పించి ఊరుకుంటే, తప్పు మళ్లీ అక్కడే మొలుస్తుంది.

జూన్ 10 నుంచి ఇంపోర్ట్ ఆపేశాం. ఇద్దరు అమ్మాయిలు రోజుకు నలభై యాభై రసీదులు చేత్తో ఎక్కిస్తూ రాత్రి ఎనిమిది దాకా ఉంటున్నారు. మీ ఏఎంసీ ₹1,12,000 జూలై 1న కట్టాలి. దాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించడం నాకు ఇష్టం లేదు. కానీ చెక్కు మీద సంతకం పెట్టే ముందు మా డైరెక్టర్ గారు ఈ టికెట్ ఏమైందని అడుగుతారు. "మూసేశారండీ" అని చెప్పే పరిస్థితి నాకు రానివ్వకండి.

బుధవారం సాయంత్రంలోగా ఈ పని చూసే ఇంజినీర్‌తో నేరుగా మాట్లాడించండి. నా నంబరు మీ రికార్డులో ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సీట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఫైనాన్స్ మేనేజర్
మందుల హోల్‌సేల్ విభాగం, విజయవాడ

జతచేసినవి: 63 రసీదుల జాబితా, టెస్ట్ కంపెనీ బ్యాకప్, తెనాలి, గుడివాడ బిల్లుల కాపీలు, మే 16 నాటి బ్యాంక్ స్టేట్‌మెంట్ పేజీ