మందు లేని నెల: తమ్ముడికి ఒక ఉత్తరం

తమ్ముడూ,

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ముప్పై రోజులు మందు ముట్టనని నువ్వు చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. డ్యూటీలో ఉండి సరిగా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మరదలికి కూడా చూపించు.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఇది అక్కగా కాదు, నర్సుగా అడుగుతున్నాను. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు తాగుతానని, శనివారం ఇంకాస్త ఎక్కువని అన్నావు. తాగని రోజుల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం లాంటివి ఉన్నాయా? పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ కుదుటపడని రోజులు ఉన్నాయా? ఉంటే దాచకుండా చెప్పు, ప్లాన్ మొత్తం మారుతుంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో, తగిన మాత్రలతో, బి1 విటమిన్‌తో ఆపాలి. పట్టుదల ఎంతున్నా ఇంట్లో ఒంటరిగా చేసే పని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది. ఈ ఆదివారం నిజాయితీగా రాయి. మొత్తం 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే దారిలో ఉన్నట్టు. 20 వచ్చిందంటే డాక్టర్‌ని కలవకుండా మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను.

అది దాటాక, ఎందుకు ఆపుతున్నావో ఒక కాగితం మీద రాసుకో. ‘ఆరోగ్యం కోసం’ అని రాస్తే రాత్రి ఎనిమిదింటికి అది నిన్ను ఆపలేదు. మొన్న నువ్వే ఒక మాటన్నావు, ఆదివారం పొద్దున పాప ఆడుకుందాం రమ్మంటే లేచే ఓపిక ఉండట్లేదని. అదే రాయి, అదే మాటల్లో.

మొదలుపెట్టే ముందు వారం మాత్రం మామూలుగానే ఉండి, ఎంత తాగుతున్నావో లెక్క రాయి. గ్లాసులు కాదు, అసలు ఆల్కహాల్ ఎంతో రాయి. మిల్లీలీటర్లని శాతంతో గుణించి, వందతో భాగించి, దాన్ని మళ్లీ 0.8తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 40 శాతం ఉన్న 60 మి.లీ. పెగ్గులో దాదాపు 19 గ్రాములు. 5 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసాలో 26 గ్రాములు. ‘బీరే కదా’ అనేవాళ్లకి నేను ఈ లెక్కే చూపిస్తాను. నెల అయ్యాక ఏం చేయాలో ఆలోచించేటప్పుడు ఈ కాగితం నీకు బాగా పనికొస్తుంది.

ఇంట్లో ఉన్న సీసాలు ముప్పై ఒకటో తారీఖు లోపల తీసేయాలి. చుట్టాలొస్తే ఉంటుందని అటక మీద పెట్టడం వద్దు. అటక మీద ఉన్నది నీకు గుర్తుంటుంది. ఆల్కహాల్ లేని బీరు తాగొచ్చా అని అడిగావు. మొదటి రెండు వారాలు వద్దంటాను. ఆ రుచి, ఆ వాసన చాలు పాత కోరిక లేవడానికి. పైగా కొన్నిట్లో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది.

క్యాలెండర్ చూశాను. నీకు కష్టమయ్యే చోట్లు మూడు కనిపిస్తున్నాయి: రెండో శనివారం నీ స్నేహితుడి పార్టీ, ఇరవై రెండున నాన్న పోయిన రోజు, నెలాఖరున మీ ఆఫీసు క్లోజింగ్ టెన్షన్. పార్టీకి వెళ్లకపోయినా తప్పు లేదు. వెళ్తే కడుపునిండా తిని వెళ్లు, నీ బండి మీదే వెళ్లు, ఎన్నింటికి బయల్దేరాలో ముందే అనుకుని ఆ టైముకి లేచిపో. లోపలికి వెళ్లగానే చేతిలోకి మంచినీళ్లో జ్యూసో తీసుకో, ఖాళీ చేతుల్లోనే ఎవరైనా గ్లాసు పెడతారు. ఎవరైనా అడిగితే ‘ఈ నెల తాగట్లేదురా’ అను, అంతే. మాత్రలు వాడుతున్నాననో, ఒంట్లో బాగాలేదనో అబద్ధం చెబితే ఆ పూటకి గడుస్తుంది, వచ్చే వారం మళ్లీ ఇంకోటి వెతుక్కోవాలి. రెండోసారి బలవంతం చేస్తే నవ్వి మాట మార్చు. మూడోసారి కూడా చేస్తే అక్కడి నుంచి వచ్చెయ్, మర్యాద గురించి ఆలోచించకు.

మరదలికి రెండు మాటలు. అమ్మాయ్, నువ్వు కాపలా కాయాల్సిన పని లేదు. ఇంటికి రాగానే నోరు వాసన చూడటం, జేబులు వెతకడం మొదలైతే ఇద్దరికీ నరకమే. సాయంత్రం ఆకలి మీద ఉన్నప్పుడు గొడవలు పెట్టుకోకుండా వాయిదా వేస్తే చాలు, అదే పెద్ద సాయం. తెలియకుండా అన్నంలో కలిపి పెడితే తాగుడు మాన్పిస్తుందని ఎవరైనా పొడులూ మాత్రలూ చెబితే దగ్గరికి రానివ్వకు. డైసల్ఫిరామ్ లాంటిది లోపల ఉన్నప్పుడు మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రమాదం జరగొచ్చు. అది తాగేవాడికి తెలిసి, డాక్టర్ చూసి ఇవ్వాల్సిన మాత్ర.

మొదటి వారం నువ్వు అనుకున్నంత హాయిగా ఉండదు, తమ్ముడూ. మందు నిద్ర త్వరగా పట్టిస్తుంది గానీ రాత్రి రెండో సగంలో నిద్రని చెడగొడుతుంది. దానికి అలవాటుపడ్డ మెదడు మళ్లీ సర్దుకోవడానికి కొన్ని రాత్రులు పడుతుంది. నిద్ర ఆలస్యంగా పట్టొచ్చు, కలలు ఎక్కువగా రావచ్చు, తీపి తినాలనిపించొచ్చు, చిన్నదానికే చిరాకు రావచ్చు. తీపి తినాలనిపిస్తే తిను, ఈ నెలలో డైటింగ్ కూడా పెట్టుకోకు. ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు.

ఇక అసలు సంగతి, తాగాలనిపించడం. నువ్వు అది మొదలైతే లొంగేదాకా పెరుగుతూనే ఉంటుందని భయపడుతున్నావు. అలా పెరగదు. లేస్తుంది, ఒక ఎత్తుకి వెళ్తుంది, దిగిపోతుంది. చాలాసార్లు అరగంట లోపే. అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని అలతో పోల్చాడు. దానికి ఎదురెళ్లకుండా, దానిలో మునగకుండా, పైన తేలుతూ చూడమన్నాడు. నేను మా వార్డులో చెప్పేది కూడా అదే. కోరిక లేవగానే టైము చూడు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించు: గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా. దానితో వాదించకు, తిట్టుకోకు. ఉన్న చోటు మాత్రం మారు. కుర్చీలోంచి లేచి బయటికి నడువు, చన్నీళ్లతో మొహం కడుక్కో. తగ్గాక మళ్లీ టైము చూసి నోట్‌బుక్‌లో రాయి. ఓ పదిసార్లు రాశాక, అది ఎంతసేపుంటుందో నీ చేతిరాతలోనే నీకు కనిపిస్తుంది. నా మాట కంటే దాన్ని నువ్వు ఎక్కువ నమ్ముతావు.

కోరిక లేచినప్పుడు ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా అని కూడా చూసుకో. నువ్వు మధ్యాహ్నం ఒంటిగంటకి తిని రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తావు. ఆ టైములో నీకు కావాల్సింది చాలావరకు తిండి. సాయంత్రం ఐదున్నరకి ఆఫీసులోనే ఏదో ఒకటి తిను. నాకైతే ఈ ఒక్క మార్పుతోనే నీ సాయంత్రాలు సగం తేలికవుతాయనిపిస్తోంది.

మిగతా వాటికి ముందే మాట రాసి పెట్టుకో, ‘ఇలా జరిగితే ఇది చేస్తా’ అని. ‘మేనేజర్ చేత మాట పడితే, బండి తీయకముందే అక్కకి ఫోన్ చేస్తా.’ ‘ఇంటికి రాగానే తాగాలనిపిస్తే, బట్టలు మార్చుకోకుండానే పాపని తీసుకుని అరగంట నడుస్తా.’ ఆ క్షణంలో ఆలోచించి నిర్ణయించుకుందామంటే కుదరదు, ఆ క్షణంలో ఆలోచన కోరిక వైపే ఉంటుంది. మూడో వారంలో అది ఇంకో వేషంలో వస్తుంది, చూస్తూ ఉండు: ‘ఇన్ని రోజులు ఆపగలిగానంటే నాకు సమస్యే లేదు, కాబట్టి ఒక్కటి వేస్తే ఏం?’ ఇది వినడానికి చాలా తెలివైన మాటలా ఉంటుంది.

ఇరవై రెండో తారీఖు గురించి విడిగా రాయాలి. గత మూడేళ్లుగా ఆ రాత్రి నువ్వు ఎలా గడుపుతున్నావో నాకు తెలుసు. నాన్న గుర్తొస్తే తట్టుకోలేక తాగి పడుకుంటున్నావు. దానివల్ల దుఃఖం తగ్గలేదు, మనిద్దరం ఆయన గురించి ఒక్కసారి కూడా సరిగా మాట్లాడుకోలేదు. ఈసారి నేను లీవు పెట్టాను. సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాను. పాత ఫొటోలు తెస్తాను. ఏడుపొస్తే ఏడుద్దాం, మాటలు రాకపోతే ఊరికే కూర్చుందాం. ఆ రాత్రి నువ్వు ఏదీ తట్టుకుని చూపించక్కర్లేదు.

మధ్యలో ఒకరోజు తాగావనుకో. అక్కడితో ఆపి, బండి ఎక్కకుండా ఇంటికి రా, నాకు చెప్పు. నేను తిట్టను. ‘ఎలాగూ పోయింది కదా’ అనుకుని మిగతా నెలంతా వదిలేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మర్నాడు పొద్దున ఏం జరిగిందో రాయి: ఎవరితో ఉన్నావు, ఏం తిన్నావు, దానికి గంట ముందు ఏమైంది. తర్వాత ప్లాన్‌లో ఆ ఒక్కటి మార్చి కొనసాగించు. గడిచిన రోజులు ఎక్కడికీ పోవు.

తర్వాత ఏం చేయాలన్నది ముప్పయ్యో తారీఖు రాత్రి దాకా ఉంచకు. ఇరవై ఐదు, ఇరవై ఆరు తారీఖుల్లో నోట్‌బుక్ ముందేసుకుని నువ్వూ మరదలూ కూర్చోండి. బ్రిటన్‌లో 2013 నుంచి జనవరి నెలంతా తాగకుండా ఉండే కార్యక్రమం నడుస్తోంది. అందులో పాల్గొన్నవాళ్లని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు నెలల తర్వాత అడిగితే, చాలామంది మునుపటికంటే తక్కువ తాగుతున్నామన్నారు. 2018లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, నెల రోజులు ఆపినవాళ్లకి బీపీ, బరువు తగ్గాయి, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. మళ్లీ పాత లెక్కకి వెళ్తే ఆ లాభం నిలుస్తుందని మాత్రం అనుకోకు.

నా అభిప్రాయం అడిగితే, ఇంకో రెండు నెలలు పొడిగించు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చారు. అయినా నిర్ణయం నీదే. మళ్లీ తాగాలనుకుంటే లెక్కపెట్టగలిగే నియమం పెట్టుకో. ‘తగ్గిస్తా’ అన్నది నియమం కాదు. ‘ఇంట్లో తాగను, ఒంటరిగా తాగను, వారంలో ఒక్క రోజే, ఆ రోజు 20 గ్రాములు దాటను’ అన్నది నియమం. ముప్పై ఒకటో రోజున పాత మోతాదు పోసుకోకు, నెల విరామం తర్వాత ఒంటికి అలవాటు తగ్గి అది మునుపటికంటే గట్టిగా ఎక్కుతుంది.

ఆ నియమం మూడు నెలల్లో రెండుసార్లు తప్పితే, లేదా ఈ నెలే నీకు మరీ దుర్భరంగా గడిస్తే, మనం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. కోరికని తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి, కౌన్సెలింగ్ ఉంది. నేను పక్కనే కూర్చుంటాను. ఈ షరతుకి నువ్వు ఇప్పుడే ఒప్పుకుని, ఆడిట్ స్కోరుతో పాటు ఆదివారం రాత్రి నాకు మెసేజ్ పెట్టు.

అక్క