ఎవరి ఖాతాకు?

విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌కు దగ్గరలోని ఒక సందులో సాంబయ్య టీ కొట్టు తెల్లవారుజామున నాలుగున్నరకే తెరుచుకుంటుంది. మొదటి డ్యూటీకి వెళ్లే డ్రైవర్లు, కండక్టర్లు అక్కడ టీ తాగకుండా బస్సెక్కరు. ఆ రోజు బేరం జోరుగానే ఉన్నా, డబ్బు పడినప్పుడల్లా సందంతా వినపడేలా అరిచే సౌండ్ బాక్సు మాత్రం నోరు విప్పలేదు. నెట్‌వర్క్ లేదేమోనని సాంబయ్య దాన్ని ఆపి మళ్లీ పెట్టాడు గానీ, వచ్చినవాడల్లా పచ్చ టిక్కు పడిన ఫోను చూపించి వెళ్తుంటే, మరుగుతున్న పాలు వదిలేసి ఎవరిని ఆపి అడగగలడు?

ఏడు గంటల వేళ గుడివాడ బస్సు కండక్టరు రమణ స్కాన్ చేసి, డబ్బు పంపకుండా ఆగాడు.

"బాబాయ్, నీ పేరు రావడం లేదు. ఎవరో ఆడమనిషి పేరు వస్తోంది. పిన్ని ఖాతా పెట్టావా?"

"మీ పిన్నికి ఖాతా ఎక్కడిదిరా!"

సాంబయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకుని వంగి చూశాడు. టీ మరకలతో మాసిన అట్ట మీద కోడు ఉన్న చదరం ఒక్కటే కొత్తగా మెరుస్తోంది. అంచున గోరు పెట్టి లేపితే కింద తన పాత కోడు గళ్లు కనిపించాయి. అంటించినవాడు కొలిచి మరీ కత్తిరించాడు కాబోలు, పైనున్న కొట్టు పేరు కాస్త కూడా చెదరలేదు. రాత్రి కొట్టు కట్టే సమయంలో హెల్మెట్ తీయకుండానే టీ అడిగి, గ్లాసు ముట్టకుండా వెళ్లిపోయిన మనిషి గుర్తుకొచ్చాడు గానీ, అతడేనని ఒట్టేసి చెప్పలేడు.

స్టిక్కరు పీకబోతుంటే రమణ వారించి, ముందు ఫొటో తీసి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ కలిపి ఇచ్చాడు. అసలు చిక్కు అక్కడ తెలిసింది. డబ్బు పోయింది సాంబయ్య ఖాతా నుంచి కాదు, టీ తాగినవాళ్ల ఖాతాల నుంచి. అడుగుతున్న పన్నెండంకెల లావాదేవీ నంబర్లు వాళ్ల ఫోన్లలో ఉన్నాయి, వాళ్లేమో బస్సుల్లో తలో ఊరికీ బయలుదేరిపోయారు. రమణ డిపో వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాడు. కాసేపటికి ఒక కండక్టరు ఫోన్ చేసి, మళ్లీ పంపమంటావా అని అడిగాడు.

"నువ్విచ్చావు, నాకు చేరలేదు. అది నీ బాకీ ఎలా అవుతుందయ్యా? ఆ నంబరు పంపు, చాలు," అన్నాడు సాంబయ్య.

తర్వాత పొయ్యి తగ్గించి పక్కనున్న పండ్ల బండి దగ్గరికి నడిచాడు. సుబ్బమ్మ కోడు మీద కూడా అదే మెరుపు. రమణ స్కాన్ చేస్తే అదే పేరు. ఆమెకు సౌండ్ బాక్సు లేదు. ఎంత పడిందో సాయంత్రం కొడుకు వచ్చి ఫోనులో చూసి చెప్పాలి, ఆ కొడుకు రెండు రోజులుగా ఊళ్లో లేడు.

"సాయంత్రం దాకా ఆగకు అక్కా. వాడికి ఇప్పుడే ఫోన్ చెయ్యి," అన్నాడు సాంబయ్య.