వినికిడి పాఠం: బందరు బస్సు

తెలుగు అక్షరాలు వచ్చి, ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడితే అర్థం చేసుకోగలిగేవాళ్ళకి ఈ పాఠం. ఉద్యోగానికని విజయవాడ వచ్చి, ఆఫీసులో ఎలాగో నెట్టుకొస్తూ, బస్టాండులో మాత్రం నోరు విప్పడానికి జంకేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను. కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి. విన్నది రాయడం పూర్తయ్యేదాకా చివర ఉన్న జవాబుల జోలికి వెళ్ళకండి.

సన్నివేశం: పండిట్ నెహ్రూ బస్టాండులో విచారణ కౌంటరు. ఒకాయన కూచిపూడిలో ఉండే అన్నావదినల ఇంటికి బయల్దేరాడు. వినేముందు తెలియాల్సినవి కొన్నే. బందరు అంటే మచిలీపట్నమే. విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో పామర్రు వస్తుంది. అక్కడ చల్లపల్లి రోడ్డు చీలుతుంది, కూచిపూడి ఆ రోడ్డు మీద ఉంది. పదింపావు అంటే 10:15, పదిన్నర అంటే 10:30.

మొదటి వినికిడి: నెమ్మదిగా

చదివి వినిపించేవాళ్ళకి ఒక మాట. గీత ఉన్నచోట ఆగండి, అంతేగానీ మాటని సాగదీయకండి. తెలుగులో దీర్ఘం మారితే మాటే మారిపోతుంది: పలు వేరు, పాలు వేరు. ఒత్తు సంగతీ అంతే: గడి అన్నది గడ్డి కాకూడదు. నెమ్మదిగా చదవడమంటే మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడం. వినేవాళ్ళు ఈసారి ఏమీ రాయొద్దు.

— ఏవండీ, / కూచిపూడి / వెళ్ళాలండి. / బస్సు / ఎక్కడ / ఆగుతుందండి?
— కూచిపూడికి / నేరుగా / ఇప్పుడు లేదండీ. / బందరు బస్సు / ఎక్కి / పామర్రులో / దిగండి. / అక్కడి నుంచి / చల్లపల్లి వైపు / వెళ్ళే బస్సు గానీ / ఆటో గానీ / దొరుకుతుంది.
— బందరు బస్సు / ఎప్పుడు / వస్తుందండి?
— పదింపావుకి / ఒకటి / ఉంది.
— నాన్‌స్టాప్ / ఎక్కొచ్చా?
— వద్దండీ, / అది / పామర్రులో / ఆగదు. / నాన్‌స్టాప్ / ఎక్కకండి, / ఎక్స్‌ప్రెస్ / ఎక్కండి.
— సరేనండీ, / థాంక్సండీ.

ఇప్పుడు కాగితం మీద రెండు జవాబులు రాయండి. ఆయన ఎక్కాల్సిన బస్సు ఏది? దిగాల్సిన ఊరు ఏది?

రెండో వినికిడి: ఉక్తలేఖనం

ఒక్కో వాక్యం మూడుసార్లు వినిపిస్తాం. మొదటిసారి పెన్సిలు కింద పెట్టి వినండి. రెండోసారి రాయండి. మూడోసారి దిద్దుకోండి. అర్థం కాని మాట వస్తే వదిలేయకుండా, చెవికి ఎలా వినిపించిందో అలాగే రాసేయండి. తప్పు రాసినా ఫరవాలేదు. మీ చెవి ఎక్కడ తడబడుతోందో ఆ తప్పే చూపిస్తుంది, ఖాళీ వదిలితే అది బయటపడదు.

1. బస్సు ఇక్కడ ఆగదండి.
2. ఆ బస్సు ఎక్కండి.
3. ఆ బస్సు ఎక్కకండి.
4. పామర్రులో దిగి ఆటో ఎక్కండి.
5. మా వదిన వాళ్ళది కూచిపూడండి.

రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ వెంటవెంటనే, వరస మార్చి మార్చి చదివించుకోండి. ఎక్కండి, ఎక్కకండి. మధ్యలో దూరిన ఒక్క 'క' పనిని మొత్తం తలకిందులు చేస్తుంది. వేగంగా మాట్లాడేటప్పుడు అది ఎంత చిన్నగా పలుకుతుందంటే, కొత్తవాళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తాయి. హిందీలో అయితే 'మత్' అన్న మాట విడిగా ముందే వినిపించి హెచ్చరిస్తుంది. తెలుగులో వద్దనడం క్రియ లోపలే ఉంటుంది, అదీ చివరికి దగ్గర్లో. అందుకే క్రియ పూర్తయ్యేదాకా చెవిని వదలకండి. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఈ జంట దగ్గరే.

మూడో వినికిడి: ఖాళీలు, మధ్యస్థ వేగం

వదిన ఫోన్‌లో పంపిన వాయిస్ మెసేజ్ ఇది. గీతల దగ్గర ఆగకుండా, వాక్యం చివర మాత్రమే ఆగుతూ చదువుతాం. రెండుసార్లు విని ఖాళీలు పూరించండి.

"ఏం బాబూ, బయల్దేరావా? పామర్రు (1) ……… ఫోన్ చెయ్యి. ఆటో అతను ఎక్కువ (2) ……… బేరమాడు. కూచిపూడి సెంటర్లో దిగి అక్కడే (3) ………, మీ అన్నయ్య బండేసుకుని (4) ……… . వచ్చేటప్పుడు పాలు (5) ………, పొద్దున తెచ్చినవి ఉన్నాయి. పిల్లలకి మాత్రం ఏదన్నా (6) ……… ."

ఊహించి పూరించినవాటి పక్కన చుక్క పెట్టుకోండి. ఊహ తప్పేమీ కాదు. తెలుగువాళ్ళం కూడా సంతలోనో పెళ్ళిలోనో సగం మాటలు ఊహించే వింటాం. కానీ ఐదో ఖాళీని ఊహించి రాస్తే నమ్మకండి, మళ్ళీ వినండి.

నాలుగో వినికిడి: మామూలు వేగం

మొదటి సంభాషణే, బస్టాండులో నిజంగా వినిపించేలా. కాగితం చూడకుండా ఒకసారి వినండి, ఆ తర్వాత చూస్తూ వినండి.

— ఏవండీ, కూచిపూడెళ్ళాలండి. బస్సెక్కడాగుతుందండి?
— కూచిపూడికి నేరుగా ఇప్పుడు లేదండీ. బందరు బస్సెక్కి పామర్రులో దిగండి. అక్కణ్ణుంచి చల్లపల్లి వైపెళ్ళే బస్సుగానీ ఆటోగానీ దొరుకుతుంది.
— బందరు బస్సెప్పుడొస్తుందండి?
— పదింపావుకొకటుంది.
— నాన్‌స్టాపెక్కొచ్చా?
— వద్దండీ, అది పామర్రులో ఆగదు. నాన్‌స్టాపెక్కకండి, ఎక్స్‌ప్రెస్సెక్కండి.
— సరేనండీ, థాంక్సండీ.

'బస్సెప్పుడొస్తుందండి' అన్నదాన్ని విప్పి చూద్దాం. బస్సు, ఎప్పుడు, వస్తుంది, అండి: నాలుగు మాటలు ఒకే మాటలా వినిపిస్తున్నాయి. 'బస్సు' చివరి ఉకారం పోయి 'ఎ' నిలిచింది. 'వస్తుంది'లో మొదటి 'వ' కరిగి 'ఒస్తుంది' అయింది, దాంతో 'ఎప్పుడు' చివరి ఉకారమూ పోయింది. 'వస్తుంది' చివరి ఇకారం 'అండి'లో కలిసిపోయింది. ఇది బద్ధకంగా పలకడం కాదు. వ్యాకరణంలో సంధి అని బళ్ళో చెప్పేది ఇదే, రోజూ కౌంటర్ల దగ్గర జరుగుతుంది. ఒక మాట అచ్చుతో మొదలైతే దాని ముందుమాట చివరి అచ్చు చాలాసార్లు వినపడదని గుర్తుంటే, సగం మాటలు వాటంతటవే విడిపోతాయి.

ఇప్పటికీ అందకపోతే మొదటి వినికిడికి వెళ్ళిపోకండి. మూడో వినికిడి వేగంలో ఈ సంభాషణని ఒకసారి చదివించుకుని, వెంటనే మళ్ళీ మామూలు వేగంలో వినండి. అస్తమానం నెమ్మది పాఠమే వింటూ ఉంటే చెవి దానికే అలవాటు పడుతుంది.

జవాబులు

మొదటి వినికిడి: ఎక్కాల్సింది బందరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్, దిగాల్సింది పామర్రులో. 'బందరు బస్సు' అని మాత్రమే రాసినా సరే, కానీ నాన్‌స్టాప్ ఎందుకు వద్దన్నారో నోటితో చెప్పండి.

ఖాళీలు: 1. రాగానే 2. అడిగితే 3. ఉండు 4. వస్తాడు 5. తేకు 6. తే

ఐదో దాంట్లో 'తే' అని రాస్తే వదిన ఇంట్లో పాలు ఎక్కువైపోతాయి. ఇదీ ఎక్కకండి బాపతే: 'కు' వినపడిందా లేదా అన్నదే ప్రశ్న. ఆరో దాంట్లో 'తే' సరైనది. నాలుగో దాంట్లో 'ఒస్తాడు' అని రాసినవాళ్ళు చక్కగా విన్నట్టే. రాసేటప్పుడు 'వస్తాడు' అని రాస్తామని గుర్తుంచుకుంటే చాలు.

ఉక్తలేఖనంలో ఐదో వాక్యాన్ని 'కూచిపూడి అండి' అని విడదీసి రాసినా తప్పు లెక్కపెట్టుకోకండి. 'ఆగదండి'ని 'ఆగుతుందండి' అని రాస్తే మాత్రం ఆ వాక్యాన్ని ఈ వారమంతా రోజూ ఒకసారి వినండి.

వచ్చే పాఠంలోపు ఏదైనా బస్టాండు విచారణ కౌంటరు పక్కన కాసేపు నిలబడి, వినిపించిన వేళలు మాత్రం అంకెల్లో రాసుకు రండి. పావు, అర, ముప్పావు మీద పాఠం వాటితోనే మొదలుపెడతాం.