ఇరవై నిమిషాలు కదపకూడదు
(నాట్లకు ముందు ఊళ్లో పాముకాటు గురించి మాట్లాడిన స్టాఫ్ నర్సు తొలి మాటలు)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందకి దించు బాబూ... ఆ, చాలు.

నా చేతిలో ఉన్నది ఖాళీ గాజు ట్యూబు. వెనకవాళ్లకి కనబడకపోయినా ఫరవాలేదు, చిటికెన వేలంత ఉంటుంది. రెండేళ్ల కిందట, ఇలాగే నాట్ల రోజుల్లో, ఒక రాత్రి ఇలాంటిదాన్నే గోడవార నిలబెట్టి ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకి బైకు మీద ముగ్గురొచ్చారు. తమ్ముడు నడుపుతున్నాడు, మధ్యలో అన్న, పడిపోకుండా వెనక నుంచి ఆయన భార్య పట్టుకుంది. ఆయన పిక్క మీద తువ్వాలు బిగించి కట్టేశారు. పాదం మినపరొట్టెలా పొంగింది.

"ఏం లేదు సిస్టరమ్మా, గట్టు మీద ముల్లు గుచ్చుకుంది. మావాళ్లదే కంగారు" అని నవ్వాడు. నవ్వితే పళ్ల సందుల్లో ఎర్రగా కనబడింది. కిళ్లీ అనుకున్నాను.

"ఆయనకా అలవాటే లేదమ్మా" అంది వాళ్లావిడ.

డాక్టరు గారు చెప్పగానే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి ట్యూబులో పోశాను. సబ్బుతో కడిగిన ట్యూబు పనికిరాదు, పరీక్ష తప్పు చూపిస్తుంది. ఇక ఇరవై నిమిషాలు దాన్ని కదపకూడదు. ఆవిడేమో "మనిషిని వదిలేసి సీసాని చూస్తారేంటమ్మా?" అని ఒకటే గొడవ. ఆవిడ చోట నేనున్నా అలాగే అరిచేదాన్ని.

మామూలుగా అయితే ఆపాటికి రక్తం పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టాలి. గడియారం చూసుకుని ట్యూబు వంచాను. నీళ్లలా జారింది.

ముల్లు కాదు, రక్తపింజర.

విషానికి విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించాం. ఆరు గంటల తర్వాత, అంటే తెల్లవారుజామున నాలుగింటికి, మళ్లీ ట్యూబు పెట్టాను. ఈసారి బోర్లించినా రక్తం కదల్లేదు. వాళ్లావిడకి చూపిస్తే దండం పెట్టింది. నాక్కాదు, ట్యూబుకి.

ఆ నర్సును నేనే. నా పేరు మీకెలాగూ గుర్తుండదు. ఈ ఊళ్లో నన్ను ట్యూబు నర్సమ్మ అంటున్నారని నాకు తెలుసులెండి.

ఆయన ఇవాళ ఇక్కడే, వేపచెట్టు కింద కూర్చున్నాడు. చూపించొద్దని మాట తీసుకున్నాడు కాబట్టి అటు చూడను. ఒక్క సంగతి మాత్రం చెప్పమన్నాడు. కాటు పడింది సాయంత్రం ఆరున్నరకి. పొలం నుంచి మా ఆస్పత్రికి బైకు మీద పావుగంట. మిగిలిన రెండు ముప్పావు గంటలూ ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టారు?

ముందు వరసలో తాతగారూ, తల దించుకున్నారంటే మీకు తెలిసినట్టే ఉంది. మీరు చెప్పండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.