తెలుగు ఆడియోబుక్ రికార్డింగ్‌కి కొటేషన్, తేదీలు కోరుతూ ఉత్తరం

హైదరాబాద్,
18 ఆగస్టు 2025

స్టూడియో మేనేజర్ గారికి,
ద్వారకానగర్, విశాఖపట్నం.

విషయం: 'కొండల్లో లైన్ క్లియర్' పుస్తకాన్ని ఆడియోబుక్‌గా రికార్డ్ చేయడానికి కొటేషన్, షెడ్యూల్

నమస్కారమండి.

గత బుధవారం ఫోన్‌లో మాట్లాడినప్పుడు వివరాలన్నీ రాసి పంపమన్నారు. ఉత్తరం కొంచెం పెద్దదే అయింది, ఏమీ అనుకోకండి. ఇప్పుడు తేల్చుకోని విషయాలు రేపు బిల్లు దగ్గర తేల్చుకోవాల్సి వస్తుందని నా భయం.

పుస్తకం మా నాన్నగారిది. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో, అంటే మన కేకే లైన్‌లో, ఆయన చాలా ఏళ్లు స్టేషన్ మాస్టర్‌గా పనిచేశారు. బొడ్డవర, చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగుడ, దార్లిపుట్... ఆ స్టేషన్లలో గడిపిన రాత్రుల కబుర్లే ఈ పుస్తకం. డెమ్మీ సైజులో 212 పేజీలు, ముందుమాట కాక 23 అధ్యాయాలు. మేమే సొంతంగా అచ్చు వేయించుకున్నాం. హక్కులన్నీ నాన్నగారివే కాబట్టి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు.

నిడివి ఎంత వస్తుందో నేనే ఒక లెక్క వేశాను. పది పేజీలు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మామూలు వేగంతో పైకి చదివితే, పేజీకి సగటున 2 నిమిషాల 20 సెకన్లు పట్టింది. ముందుమాటా చివరి అధ్యాయమూ కలిపి 11 పేజీలు నాన్నగారే చదువుతారు. ఆయన నెమ్మదిగా చదువుతారు, పేజీకి 3 నిమిషాలు అనుకోండి. మిగతా 201 పేజీలూ ఆర్టిస్టు చదవాలి. మొత్తం మీద 8 గంటల 25 నిమిషాల చుట్టూ రావాలి. మీ అనుభవంలో ఈ అంచనా తప్పనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి.

రేటు ఎలా వేస్తారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. రెండేళ్ల క్రితం మా పిన్ని కథలు ఒక చోట రికార్డ్ చేయించాం. గంటకింత అని చెబితే, వినే గంటకి అనుకున్నాం. బిల్లు వచ్చాక తెలిసింది, అది బూత్‌లో కూర్చున్న గంటకట. ఆర్టిస్టు టీ తాగిన పదిహేను నిమిషాలకీ డబ్బు కట్టాం. చివరికి ఇచ్చిన ఫైల్‌లో ఏసీ హోరు! అందుకని మీ కొటేషన్‌ని, ఎడిటింగ్ అన్నీ పూర్తయి చేతికొచ్చిన ఆడియో గంటకి ఇంత అన్న లెక్కలో ఇవ్వమని నా విన్నపం. ఆర్టిస్టు పారితోషికం, బూత్, ఇంజనీరు, ఎడిటింగ్, మాస్టరింగ్ దేనికెంతో విడివిడిగా చూపించండి. జీఎస్‌టీ కలిపారో లేదో కూడా రాయండి. నిడివి నా అంచనాకి అరగంట అటూ ఇటూ అయితే అదే రేటు వర్తిస్తుందా?

ఇక నాన్నగారి సంగతి. ఆయనకి ఎనభై దాటాయి. ముందుమాట తానే చదవాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. చివరి అధ్యాయం కూడా ఆయనే చదవాలన్నది నా కోరిక, ఎందుకంటే అది రిటైరయ్యాక ప్రయాణికుడిగా అరకు వెళ్లి వచ్చిన కథ. ఇంకెవరు చదివినా అది అతకదు. ఉదయం పూట ఆయన గొంతు బాగుంటుంది. పదకొండు దాటితే దగ్గు మొదలవుతుంది. ఒక్కసారికి గంటన్నర కన్నా ఎక్కువ కూర్చోలేరు. అందుకని ఆయన భాగానికి ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా, రెండు రోజులు ఇవ్వగలరా? అంత పొద్దున్నే స్టూడియో తెరిచినందుకు అదనంగా తీసుకుంటే ఎంతో చెప్పండి, ఇస్తాం. మీది రెండో అంతస్తు అన్నారు, లిఫ్ట్ ఉందా? మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వస్తే ఆ ఆయాసం తగ్గడానికే అరగంట పోతుంది. బూత్‌లో చేతులున్న కుర్చీ వేయించండి. కాగితం తిప్పిన చప్పుడు రాకుండా, ఆయన పేజీల్ని పెద్ద అక్షరాలతో ఒక వైపే ప్రింట్ చేయించి తెస్తాం.

ఆయన చదివేటప్పుడు మధ్యలో ఆగి "అప్పుడు ఏమైందంటే" అని పుస్తకంలో లేని మాటలు కలిపేస్తారు. దయచేసి మీ ఇంజనీరు గారు ఆపొద్దు. అవి ఉంచాలో తీసేయాలో తరువాత నేను చూసుకుంటాను. ఆయన ఊపిరి చప్పుడు కూడా పూర్తిగా తుడిచేయకండి. మరీ శుభ్రం చేస్తే అది మా నాన్న గొంతులా ఉండదు.

మిగతా అధ్యాయాలు చదవడానికి నలభై దాటిన మగ గొంతు కావాలి. నాటకంలా కాకుండా, ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చదవాలి. కథనం మామూలు వాడుక భాషలోనే ఉంటుంది గానీ పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, సంతకి వెళ్లే ఆడవాళ్లు మాట్లాడేది మన ఉత్తరాంధ్ర మాట. "బండి ఎలిపోనాదేటి బాబూ?" అని ఉంటే అలాగే చదవాలి. "వెళ్లిపోయిందా" అని దిద్దకూడదు. అలాగని సినిమాల్లో నవ్వించడానికి పలికినట్టు సాగదీసి పలికినా నాకు ఒప్పదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పుట్టి పెరిగిన ఆర్టిస్టు మీకు తెలిసి ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ఈ ఉత్తరంతో పాటు రెండు పేజీలు పంపుతున్నాను. ఒకటి వర్షంలో కొండచరియ విరిగిపడిన రాత్రి, రెండోది టీ కొట్టు దగ్గర సంభాషణ. ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టులతో ఈ రెండూ చదివించి శాంపిల్స్ పంపండి. శాంపిల్‌కి చార్జీ ఉంటే ముందే చెప్పండి. ఎవరిని తీసుకోవాలన్నది నాన్నగారే విని చెబుతారు.

పలకడంలో తడబడే మాటలు కొన్ని ఉన్నాయి. ఊళ్ల పేర్లు, రైల్వే మాటలు, అరకు వైపు ఆదివాసీలు మాట్లాడే ఒడియా వాక్యాలు నాలుగైదు. ఇలాంటివి 140 దాకా ఏరి నాన్నగారి చేత ఫోన్‌లో పలికించి పెట్టాను. ఆర్టిస్టుకి ఆ ఆడియో, దానితో పాటు జాబితా ముందే ఇస్తాను. అంకెలతో కూడా చిక్కే. '1 వీకే ప్యాసింజర్' అని ఉన్నచోట 'ఒకటి వీకే' అంటే రైల్వే వాళ్లు నవ్వుతారు, 'వన్ వీకే' అనాలి. శిమిలిగుడ ఎత్తు 996 మీటర్లు అని ఉన్నచోట మాత్రం హాయిగా తెలుగులోనే తొమ్మిది వందల తొంభై ఆరు అనాలి. ఎక్కడ ఎలా చదవాలో స్క్రిప్ట్‌లోనే గుర్తు పెట్టి ఇస్తాను.

స్క్రిప్ట్ గురించి ఇంకో మాట. పుస్తకం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ అయింది. యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరం మీద వాలాయి. ఇప్పుడు కూర్చుని దిద్దుతున్నాను, ఆగస్టు 31కి పూర్తవుతుంది. ఆ ప్రతినే చదవండి, అచ్చు పుస్తకం చూసి వద్దు. అచ్చులో తప్పులున్నాయి.

సాంకేతిక విషయాల్లో మీకు చెప్పేంతదాన్ని కాదు. నాకు కావలసింది మాత్రం ఇది. ప్రతి అధ్యాయం వేరే ఫైలు, ముందుమాట, మొదటి ప్రకటన, ముగింపు ప్రకటన కూడా వేర్వేరు ఫైళ్లు. 44.1 కిలోహెర్ట్జ్ మోనోలో మాస్టర్ వేవ్ ఫైళ్లు, వాటితో పాటు 192 కేబీపీఎస్ స్థిర బిట్‌రేట్‌తో ఎంపీ3లు. సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, పీక్ మైనస్ 3 దాటకూడదు, గది హోరు మైనస్ 60 కన్నా కింద ఉండాలి. ఆడియోబుక్‌లు తీసుకునే చోట్ల తరచూ అడిగే కొలతలివి. రేపు ఎక్కడ పెట్టాలన్నా మళ్లీ ఫైళ్లు మార్చే పని ఉండదని వీటినే అడుగుతున్నాను. పేర్లు kondallo_01.wav, kondallo_02.wav అని వరుసగా పెట్టండి. ఎడిట్ చేయని అసలు రికార్డింగ్ కూడా హార్డ్‌డిస్క్‌లో మాకే కావాలి. డిస్క్ మేమే తెస్తాం. నేపథ్య సంగీతం వద్దు, కథనం కింద రైలు కూతలు అసలే వద్దు.

ఫైళ్లు వచ్చాక నేనూ తమ్ముడూ దిద్దిన స్క్రిప్ట్ పట్టుకుని మొత్తం వింటాం. దాటిపోయిన మాటలు, తప్పు పలికినవి నిమిషం, సెకనుతో సహా రాసి పంపుతాం. అలాంటివి మళ్లీ చదివించి అతకడం మీ రేటులోనే ఉండాలి. మేం వాక్యమే మార్చమంటే ఆ ఖర్చు మాది. రెండుసార్ల దిద్దుబాటుకి ఒప్పుకుంటారా? దిద్దుబాటు గొంతు అసలు గొంతులో కలిసిపోవాలి కాబట్టి ఆర్టిస్టునీ మైకునీ మధ్యలో మార్చకండి.

తేదీల దగ్గరకొస్తే, 2026 జనవరి 25న, రథసప్తమి నాడు, నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. వచ్చిన బంధువులు, పాత రైల్వే మిత్రులు ఆ రోజు ఫోన్‌లో వినగలగాలి. వాళ్లలో చాలామందికి ఇప్పుడు అచ్చు అక్షరం ఆనడం లేదు. ఈ ఆడియో ఆలోచన అసలు అక్కడే మొదలైంది. చివరి ఫైళ్లు డిసెంబరు 20కి నా చేతికి రావాలి.

నాన్నగారి రికార్డింగ్ అన్నిటికన్నా ముందు అయిపోవాలి. చలి మొదలైతే ఆయనకి ఛాతీ పట్టేస్తుంది. సెప్టెంబరు మొదటి వారం అనుకున్నాను గానీ అప్పుడు వినాయక మండపాల మైకులు. ఆ తరువాత మహాలయ పక్షాలు, కొత్త పని మొదలుపెట్టొద్దని అమ్మ పట్టు. కాబట్టి సెప్టెంబరు 22 నుంచి 26 లోపు ఏ రెండు ఉదయాలైనా సరే. దేవీ నవరాత్రుల మైకు మీ బూత్‌లోకి వినిపిస్తుందా లేదా అన్నది మీరే చెప్పాలి. ఆర్టిస్టు పని దసరా వెళ్లాక, అక్టోబరు 6 నుంచి మొదలుపెట్టొచ్చు. 20న దీపావళి, ఆ రెండు మూడు రోజులు టపాకాయల మధ్య ఎలాగూ కుదరదు. అక్టోబరు, నవంబరు మన దగ్గర తుఫాన్ల కాలం కూడా. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న కదా. కరెంటు పోతే స్టూడియోకి జనరేటర్ ఉందా, పోయిన రోజుకి బదులు రోజు ఎలా ఇస్తారు? రోజుకి ఎన్ని పేజీలు రికార్డ్ అవుతాయి, ఎడిటింగ్‌కి ఎన్నాళ్లు పడుతుంది, దిద్దుబాట్లకి ఎప్పుడు అన్నది తేదీలతో సహా రాసి పంపండి. మొదటి అధ్యాయం ఎడిట్ చేసి మాకు వినిపించాకే మిగతావి మొదలుపెట్టండి.

డబ్బు విషయం దాచడం ఎందుకు? పన్నుతో కలిపి లక్షన్నర దాటితే మాకు కష్టం. ఆ లోపు కుదరకపోతే ఎక్కడ తగ్గించుకోవచ్చో మీరే సలహా ఇవ్వండి, ఆర్టిస్టు విషయంలో మాత్రం కాదు. అడ్వాన్సు మూడో వంతు, మొదటి అధ్యాయం నచ్చాక మూడో వంతు, చివరి ఫైళ్లు అందిన రోజు మిగతాది ఇవ్వగలం. ఆర్టిస్టు గారి పేరు ముగింపు ప్రకటనలో చెబుతాం. ఈ ఆడియోని ఎక్కడైనా పెట్టుకునే, అమ్ముకునే హక్కు నాన్నగారిదేనని ఆర్టిస్టు, స్టూడియో సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి.

ఈ నెల 27న వినాయక చవితి కాబట్టి అంతకుముందే, 25 లోపు, కొటేషన్ ఈ మెయిల్‌కే పంపితే పండక్కి వైజాగ్ వచ్చినప్పుడు మాట్లాడుకుని ఖాయం చేసుకోవచ్చు. తమ్ముడు మర్రిపాలెంలోనే ఉంటాడు. మీకు వీలైతే 30వ తేదీ శనివారం ఉదయం నాన్నగారిని ఒకసారి తీసుకొచ్చి బూత్ చూపిస్తాడు. తలుపు వేశాక లోపల ఎలా ఉంటుందో ముందే చూసి ఉంటే, రికార్డింగ్ రోజు ఆయన కంగారు పడరు.

ఇట్లు,
మాధవి

జతచేసినవి: శాంపిల్ పేజీలు రెండు, అధ్యాయాల వారీగా పేజీల లెక్క, పలకాల్సిన మాటల జాబితా.